కళ్లజోడు మీద మెరుపు: అతుకు తెలియకుండా తీయడం

షష్టిపూర్తి ఫొటోల్లో కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయనకు తరచూ జరిగేదే ఇది. ముఖం చక్కగా వస్తుంది, నవ్వు బాగుంటుంది, కానీ ఫ్లాష్ వెలుగు ఒక అద్దం మీద పడి కన్ను సగం తెల్లగా పోతుంది. ఇంట్లోవాళ్లేమో సరిగ్గా ఆ ఫొటోనే 20×30 అంగుళాలకు పెద్దది చేయించి హాల్లో పెట్టాలంటారు. పాడైన చోటును గుర్తుపెట్టి ఇస్తే, చుట్టుపక్కల చూసుకుని ఆ భాగాన్ని కొత్తగా గీసి పెట్టే ఏఐ పద్ధతి ఒకటుంది. దాన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు.

ఫొటో మొత్తాన్ని ఒకేసారి దానికి ఇచ్చేస్తే పని చెడుతుంది. మన ఫొటో 4000×6000 పిక్సెళ్లనుకుందాం. ఎస్‌డీఎక్స్‌ఎల్ లాంటి మోడల్‌కు అలవాటైన సైజు సుమారు 1024×1024. ఆ కొలతకు కుదిస్తే బొమ్మ దాదాపు ఆరో వంతవుతుంది. అసలు ఫొటోలో 130 పిక్సెళ్లున్న నల్లగుడ్డు 22కు పడిపోతుంది. పైగా మోడల్ లోపల 8×8 పిక్సెళ్లను ఒక్క గడిగా కుదించుకుని పనిచేస్తుంది. అంటే నల్లగుడ్డు వెడల్పంతా కలిపి మూడు గడులు కూడా రావు. ఆ కాస్త చోటులో కంటి చూపు ఎక్కడ పడుతుంది?

అందుకే ముఖంలోంచి 1024×1024 ముక్కను మాత్రం కత్తిరించి ఇవ్వాలి. అప్పుడు కుదింపు ఉండదు, నల్లగుడ్డు 130 పిక్సెళ్లూ అలాగే ఉంటాయి. ఆ ముక్కలో బాగున్న రెండో కన్ను కూడా పడేలా చూసుకోవాలి. చూపు ఎటుంది, వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, కంటి కింద ముడతలు ఎలా ఉన్నాయి అన్నవి మోడల్‌కు తెలిసేది దాన్ని చూసే. మెరుపు చుట్టూ బిగించి కత్తిరిస్తే అరవై ఏళ్ల ముఖంలో ముప్పై ఏళ్ల కన్ను వచ్చి కూర్చుంటుంది. ముక్కను ఎక్కడి నుంచి తీశారో ఆ కొలతలు రాసుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు రెండు పిక్సెళ్లు జరిగినా ఫ్రేము గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఏఐ పనిముట్లలో `Only masked` లాంటి ఎంపికలు ఈ కత్తిరించడం, తిరిగి అతికించడం వాటంతట అవే చేస్తాయి.

ఇక మాస్క్, అంటే మార్చాల్సిన చోటు. దాన్ని మెరుపు అంచు వరకే గీస్తే చాలదు, ఓ 30 పిక్సెళ్లు బయటికి పెంచాలి. అతికించేటప్పుడు అంచును మెత్తగా కలపడానికి, అంటే ఫెదర్‌కు, ఆ చోటు కావాలి. కొత్తదీ పాతదీ కలిసే పట్టీ మంచి చర్మం మీద పడాలి. మెరుపు మీద పడితే తెల్లటి నీడ మిగిలిపోతుంది. ఫ్రేము దగ్గర మాత్రం మాస్క్‌ను గీత వెంబడే ఆపేయడం మేలు. పదునైన గీత మీద ఫెదర్ వేస్తే గీత రెండుగా కనిపిస్తుంది.

తెల్లటి మెరుపును అలాగే ఉంచి, తక్కువ బలంతో మార్చమంటే ఆ తెలుపు పోదు. ముందు క్లోన్ బ్రష్‌తో చర్మం రంగు, నల్లగుడ్డు ముదురు రంగు మోటుగా పూసి, ఆ తర్వాత `Denoising strength`ను 0.5 దగ్గర పెట్టి చూడాలి.

ముక్క తిరిగొచ్చాక మొత్తం అతికించకూడదు. మాస్క్ వేయని చోట కూడా గడులుగా కుదించి విప్పడంలో రంగు, నునుపు కొద్దిగా మారి ఉంటాయి. అందుకే మాస్క్ లోపలిదే తీసుకోవాలి. ఆ రంగు తేడాను కొలవడం కష్టమేమీ కాదు. మాస్క్ చుట్టూ సన్నటి పట్టీలో పాత ఫొటో సగటు రంగు 198, 152, 121 అనుకుందాం. తిరిగొచ్చిన ముక్కలో అదే పట్టీ 203, 154, 119 ఉంది. అంటే ఎరుపు 5, ఆకుపచ్చ 2 ఎక్కువైంది, నీలం 2 తగ్గింది. కొత్త భాగమంతటికీ ఆ తేడాను సరిచేశాకే ఫెదర్ వేయాలి. ఫెదర్ అంచును దాస్తుందేగానీ లోపలి రంగు మచ్చను దాచలేదు.

రంగు కుదిరాక కూడా అతుకును పట్టించేది గ్రెయిన్. మండపం వెలుగులో ఐఎస్ఓ పెంచి తీసిన ఫొటోలో సన్నటి ఇసుకలాంటి నలత ఉంటుంది. మోడల్ గీసిన చర్మం నున్నగా ఉంటుంది. కొత్త భాగం మీద మాత్రమే, పక్క చర్మంతో పోల్చుకుంటూ కొద్దిగా గ్రెయిన్ వేయాలి. తర్వాత పైన ఓ లేయర్ పెట్టి కాంట్రాస్ట్‌ను విపరీతంగా పెంచి చూస్తే, మామూలుగా కనపడని ప్యాచ్ బయటపడుతుంది.

ఇంత చేసినా ఆ కన్ను పెద్దాయనది కాదు, ఆయన రెండో కన్ను చూసి ఊహించినది. మెరుపు కింద కొంతైనా అసలు కన్ను మిగిలి ఉంటే ఒప్పుకోవచ్చు. పూర్తిగా పోతే మాత్రం అదే వరుసలో తీసిన ఇంకో ఫొటో నుంచి కన్ను తెచ్చుకోవడమే నా లెక్కలో సరైన దారి. అతికించే పద్ధతి దానికీ ఇదే. పెద్ద ప్రింటుకు ఇచ్చే ముందు కళ్ల దగ్గరి పట్టీ ఒక్కటి అసలు సైజులో చిన్న కాగితం మీద వేయించి, ఆ కన్ను తమ నాన్నదేనా అని ఇంట్లోవాళ్లనే అడగాలి.