థ కడుపులో చుక్క

ప్రెస్సు నుంచి ప్రూఫు రాగానే నేను ముందు తిప్పింది పదకొండో పేజీ. చెరువు కట్ట అడ్డుకోత బొమ్మ అక్కడ ఉంది. ఒకవైపు నీళ్లు, నడుమ మట్టికట్ట, కట్ట అడుగున తూము, అవతల పంటకాలువ, ఒక పక్కగా అలుగు. నీటి గీత మీద ‘పూర్తి స్థాయి నీటిమట్టం’ అని రాసి ఉంటుంది. కంప్యూటర్లో రోజుల తరబడి చూసుకున్న బొమ్మే. కాగితం మీదికొచ్చేసరికి ‘స్థాయి’లోని థ వత్తు నల్లటి ముద్దయిపోయింది. దాని కడుపులో ఉండాల్సిన చుక్క కనబడలేదు. అక్షరాల అంచులకు నూగు పట్టినట్టుంది. అదే పేజీలో బొమ్మ కింద ఉన్న మామూలు పాఠం మాత్రం బ్లేడుతో కోసినంత శుభ్రంగా ఉంది.

బొమ్మ గీయడంలో లోపం లేదు. నేను పంపిన ఫైలు పీఎన్‌జీ. అది కూడా వెబ్‌పేజీ కోసం చేసుకున్న 800 పిక్సెళ్ల వెడల్పు ఫైలు. దాన్నే పుస్తకంలో 12 సెంటీమీటర్ల వెడల్పున పెట్టారు.

పీఎన్‌జీ అంటే గళ్ల కాగితం లాంటిది. ఏ గడిలో ఏ రంగు ఉందో ఆ ఫైలుకు తెలుసు, అంతే. అక్కడ ఉన్నది గీతో అక్షరమో దానికి తెలియదు. ఎస్‌వీజీలో గళ్లు ఉండవు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటికి గీత గియ్యి, ఇక్కడ ఈ మాట రాయి అని చెప్పే రాత ఉంటుంది. నా చెరువు బొమ్మ ఎస్‌వీజీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలాంటి వరుస కనిపిస్తుంది:

```
<text x="140" y="62">పూర్తి స్థాయి నీటిమట్టం</text>
```

చూపించే యంత్రం ఈ రాత చదువుకుని అప్పటికప్పుడు బొమ్మ గీస్తుంది. అరచేతి ఫోన్లో గీసినా, గోడంత ఫ్లెక్సీకి గీసినా గీత అంచు పదునుగానే వస్తుంది. పీఎన్‌జీని పెద్దది చేస్తే పెరిగేది గడి సైజే, కొత్త గళ్లు పుట్టవు.

ఇప్పుడు నా ప్రూఫు లెక్క చూద్దాం. 12 సెంటీమీటర్లంటే 4.72 అంగుళాలు. 800 పిక్సెళ్లను అంతలో సర్దితే అంగుళానికి 169 పడతాయి. ఫొటోకి 300 ఉండాలని ప్రెస్సుల్లో చెబుతారు. సన్నగీతలు, అక్షరాలు ఉన్న బొమ్మకి 600 అయినా ఉండాలి, 1200 ఉంటే ఇంకా మంచిది. 600 చొప్పున ఆ బొమ్మకి దాదాపు 2835 పిక్సెళ్ల వెడల్పు కావాలి. నేనిచ్చింది అందులో మూడో వంతు కూడా లేదు.

మరి కంప్యూటర్లో ఎందుకు బాగుంది? అంగుళానికి 96 పిక్సెళ్లుండే మామూలు మానిటర్ మీద ఆ 800 పిక్సెళ్లు 21 సెంటీమీటర్ల మేర పరుచుకుంటాయి. అంటే నేను చూసుకున్నది పుస్తకంలో పడే బొమ్మకు దాదాపు రెట్టింపు. ఇంకో సంగతి కూడా ఉంది. పీఎన్‌జీలో అక్షరం వంపు నునుపుగా కనబడడానికి అంచు గళ్లకు బూడిద రంగు వేస్తారు. మానిటర్ బూడిద రంగును బూడిద రంగుగానే చూపిస్తుంది. ఆఫ్‌సెట్ యంత్రానికి నల్ల సిరా తప్ప బూడిద సిరా ఉండదు. అందుకని ఆ గళ్లను చిన్నచిన్న నల్ల చుక్కలుగా విడగొట్టి అచ్చు వేస్తుంది. ప్రూఫులో నేను చూసిన నూగు ఆ చుక్కలే. భూతద్దం పెడితే స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంగ్లిష్ లేబుళ్లయితే ఆ నాణ్యతలోనూ ఎలాగో చదువుకోవచ్చు. తెలుగుకు ఆ వెసులుబాటు తక్కువ. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ర కడుపులో చుక్క పెడితే ఠ అవుతుంది. వత్తుగా మారినప్పుడు ఆ అక్షరం ఇంకా చిన్నదై కిందికి దిగుతుంది. ఎనిమిది పాయింట్ల లేబుల్‌లో థ వత్తు చుక్క ఒకటి రెండు గళ్లకు మించదు. ఆ గళ్లు బూడిదరంగైతే చుక్క పోయినట్టే. తెలుగు బొమ్మ అచ్చుకి వెళ్లేటప్పుడు నేను ముందు వెతికేది ఇలాంటి అక్షరాల్నే.

తప్పు దిద్దుతూ ఈసారి ఎస్‌వీజీయే నేరుగా పంపాను. ఇంకో చిక్కొచ్చింది. బొమ్మలో నేను వాడింది మండలి ఫాంటు. ఎస్‌వీజీ మామూలుగా ఫాంటును తనతో తీసుకెళ్లదు, పేరు మాత్రమే చెబుతుంది. ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. అది తనకు తోచిన మరో తెలుగు ఫాంటు తగిలించింది. అక్షరాలు కాస్త వెడల్పై, ‘నీటిమట్టం’ కట్ట మీదికి ఎక్కి కూర్చుంది. యూనికోడ్ తెలుగును సరిగా అర్థం చేసుకోలేని పాత పేజీ సాఫ్ట్‌వేర్ వాడే చోటయితే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఇప్పటికీ పని నడిపే డీటీపీ సెంటర్లకు ఎస్‌వీజీ ఇచ్చి లాభం లేదు.

అచ్చుకి నేను ఇప్పుడు పంపేది ఆ రెండూ కాదు. ఎస్‌వీజీ నుంచి తీసిన పీడీఎఫ్. అందులో గీతలు గీతలుగానే ఉంటాయి. అక్షరాలను ముందే ఆకారాలుగా మార్చేస్తాను, ఇక ఫాంటుతో పనుండదు. ఇంక్‌స్కేప్‌లో మెనూ నుంచైతే అక్షరాలు ఎంచుకుని `Object to Path` నొక్కాలి. ఒక్క వరుసలో చేయాలంటే ఇదీ ఆదేశం:

```
inkscape cheruvu.svg --export-text-to-path --export-filename=cheruvu-print.pdf
```

ప్రెస్సు వాళ్లు పీఎన్‌జీయే కావాలని పట్టుబడితే ఇలా:

```
inkscape cheruvu.svg --export-dpi=600 --export-filename=cheruvu-600.png
```

ఇంక్‌స్కేప్ ఊరుకుంటే 96 చొప్పున తీస్తుంది కాబట్టి ఆ 600 మనమే చెప్పాలి. అయితే పని ఎస్‌వీజీ దగ్గరే జరగాలి. ఉన్న 800 పిక్సెళ్ల పీఎన్‌జీని ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రిజల్యూషన్ గడిలో 72 కొట్టేసి 300 అని రాసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల బొమ్మలోకి కొత్త వివరమేమీ రాదు.

రంగుల పుస్తకమైతే ప్రెస్సు వాళ్లతో ఒక మాట చెప్పుకోవాలి. ఎస్‌వీజీ, పీఎన్‌జీ రెండూ నడిచేది మానిటర్ రంగులతో. వాటిలోని నలుపు అచ్చుకి మారేటప్పుడు నాలుగు సిరాల కలయికగా మారిపోవచ్చు. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా సన్నటి అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. లేబుళ్లను నల్ల సిరా ఒక్కదానిలోనే వేయమని అడిగితే వాళ్లు సరిచేసి ఇస్తారు.

పుస్తకం అయ్యాక అదే బొమ్మ ఊళ్లో రైతుల సమావేశానికి స్లైడుగా వెళ్లింది. ఇక్కడ లెక్క వేరు. ప్రొజెక్టర్ వెడల్పు చాలాచోట్ల 1920 పిక్సెళ్లు. స్లైడు నిండా పరిచే బొమ్మకైనా 1920 వెడల్పు పీఎన్‌జీ చాలు. ఎస్‌వీజీ పెట్టినా ఆ తెర మీద దానికంటే గొప్పగా కనబడదు. పైగా హాలులో ఉండేది ఎవరి ల్యాప్‌టాపో. అందులో మండలి ఫాంటు ఉందో లేదో ఎవరికి తెలుసు? పీఎన్‌జీలో అక్షరం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. గూగుల్ స్లైడ్స్ అయితే ఎస్‌వీజీని నేరుగా తీసుకోదు కూడా.

కొత్త పవర్‌పాయింట్లు ఎస్‌వీజీ తీసుకుంటాయి. అక్కడ దాని ప్రయోజనం పదును కన్నా విడదీయగలగడంలో ఉంది. `Convert to Shape` నొక్కితే బొమ్మ ముక్కలవుతుంది. ముందు కట్ట, తర్వాత నీళ్లు, ఆపైన తూము తెరుచుకుని కాలువలో నీరు రావడం, ఇలా ఒక్కొక్కటే చూపించుకోవచ్చు. అలుగు ఎందుకుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు. అలాంటి అవసరం లేకపోతే స్లైడుకి నా ఓటు పీఎన్‌జీకే. పవర్‌పాయింట్ సేవ్ చేసేటప్పుడు బొమ్మల్ని కుదించకుండా సెట్టింగుల్లో `Do not compress images in file` మీద టిక్కు పెట్టాలి. ఎవరికైనా వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి. ఫొటోగా వెళితే వాట్సాప్ దాన్ని జేపెగ్‌గా మార్చి, అక్షరాల చుట్టూ మురికి మరకలు మిగులుస్తుంది.

ఎస్‌వీజీ అసలు చోటు వెబ్‌పేజీ. చెరువు బొమ్మ ఫోన్లో చూసేవాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసి తూము దగ్గరికి వెళతారు. పీఎన్‌జీ అక్కడ మసకబారుతుంది, ఎస్‌వీజీ బారదు. ఇలాంటి గీతల బొమ్మకి ఫైలు బరువూ తక్కువే. ఫాంటు చిక్కు మాత్రం ఇక్కడా ఉంది. ఎస్‌వీజీని `<img>` ట్యాగుతో పెడితే, పేజీ తెప్పించుకున్న తెలుగు ఫాంటు ఆ బొమ్మ లోపలికి చేరదు. చూసేవాళ్ల ఫోన్లో ఏముంటే అదే వస్తుంది. ఎస్‌వీజీ రాతనంతా పేజీలోనే అతికిస్తే ఫాంటు అందుతుంది. అప్పుడు ‘అలుగు’ అని వెతికితే బొమ్మలోని మాట దొరుకుతుంది, చూపులేని వారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందుతుంది. అక్షరాలను ఆకారాలుగా మారిస్తే ఈ రెండూ పోతాయి. కాబట్టి అచ్చుకి చేసిన పనినే వెబ్‌కి చేయకూడదు. తప్పనిసరై చేస్తే, బొమ్మలో ఏముందో `alt`లో రాయాలి. పేజీ లింకు పంపినప్పుడు వాట్సాప్‌లో కనబడే చిన్న బొమ్మకు మాత్రం ఒక పీఎన్‌జీ విడిగా ఉంచాలి.

ఎస్‌వీజీ నప్పని బొమ్మలూ ఉన్నాయి. జిల్లాలోని చెరువులన్నిటి హద్దులూ వేల వేల బిందువులతో గీసిన పటం ఎస్‌వీజీగా తెరిస్తే ఫోను ముక్కుతుంది. దానికి పీఎన్‌జీయే మేలు. ఫొటో అయినా, కంప్యూటర్ తెరను తీసిన చిత్రమైనా అంతే. పీఎన్‌జీని తెచ్చి ఎస్‌వీజీ కవరులో పెట్టి ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. అనుమానమొస్తే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. `<path` లు, `<text` లు బారులు తీరి ఉంటే నిజమైనదే. ఒకే ఒక్క `<image`, దాని వెనక `data:image/png;base64` అంటూ అంతుపొంతు లేని అక్షరాలు ఉంటే లోపలున్నది గళ్ల కాగితమే.

నా దగ్గర చెరువు బొమ్మకి ఇప్పుడు నాలుగు ఫైళ్లున్నాయి. అచ్చుకి పీడీఎఫ్, స్లైడుకి పీఎన్‌జీ, వెబ్‌కి ఎస్‌వీజీ, వీటన్నిటికీ తల్లిగా అక్షరాలు అక్షరాలుగానే ఉన్న `cheruvu.svg`. సమావేశం అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, “తూము కాడ ‘పంటకాలువ’ అని రాసినవు గానీ, మేం దాన్ని ‘కత్వ’ అని గాదు, ‘కాల్వ’ అనే అంటం సారూ, అట్ల రాయి” అన్నాడు. ఇంటికొచ్చి తల్లి ఫైల్లో ఆ మాట మార్చి, మూడూ మళ్లీ తీసుకున్నాను. ఐదు నిమిషాలు పట్టింది.