పసిబిడ్డ పడుకునే గదిలో ఏసీ ఎంతలో పెట్టాలి?

మే నెలలో విజయవాడలో కాన్పు జరిగిన ఇంట్లో ఏసీ దగ్గర మాట తేడా రాకుండా ఉండదు. "పచ్చి బాలింత, పసిగుడ్డు. చల్లగాలి తగిలితే పడిశం పడుతుంది, కట్టేయండమ్మా" అంటుంది అమ్మమ్మ. బయట 43 డిగ్రీల ఎండలో తిరిగొచ్చిన తండ్రి రిమోట్ తీసి 20కి దించేస్తాడు. ఇద్దరిదీ బిడ్డ మీద ప్రేమే. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, కొంత పొరపాటుంది.

పడిశం చల్లగాలి వల్ల పుట్టదు. అది వైరస్, మనిషి నుంచి మనిషికి అంటుతుంది. బిడ్డను ముద్దాడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకరికి ముక్కు కారుతుంటే అసలు భయం అక్కడుంది. అలాగని అమ్మమ్మ భయాన్ని కొట్టిపారేయకూడదు. పసిబిడ్డ బరువు తక్కువ, ఆ బరువుతో పోలిస్తే ఒంటి చర్మం ఎక్కువ. కాబట్టి ఒంట్లోని వేడి మనకన్నా చాలా త్వరగా బయటికి పోతుంది. మనలా వణికి వేడి పుట్టించుకోవడం ఆ వయసులో రాదు. మెడ వెనక, భుజాల మధ్య ఉండే ఒక ప్రత్యేకమైన కొవ్వును కరిగించి వెచ్చగా ఉంటుంది, దానికి తాగిన పాలు ఖర్చవుతాయి. వేడి ఎక్కువైనా చిక్కే. చెమట పట్టి చల్లబడే శక్తి ఇంకా పూర్తిగా రాలేదు. ఒళ్లు మరీ వేడెక్కేలా చుట్టబెట్టి పడుకోబెట్టడానికీ, నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలకూ సంబంధం ఉందని పిల్లల వైద్యులు ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. మండే ఎండల్లో ఏసీ ఆపేసి, తలకు టోపీ పెట్టి, దుప్పటి చుట్టడం బిడ్డకు రక్షణ కాదు.

మరి ఎంతలో పెట్టాలి? పెద్దవాళ్లం 20లో పెట్టుకుని దుప్పటి ముసుగేసుకుంటాం. ఏడాదిలోపు బిడ్డకు ఆ వీలు లేదు. వదులుగా కప్పిన దుప్పటి మొహం మీదికి జారితే తీసేసుకోలేదు కాబట్టి అసలు కప్పకూడదు. అందుకే ఏసీని దుప్పటి లేని మనిషికి సరిపడేలా పెట్టాలి. పల్చని నూలు బట్టలేసుకున్న పెద్దవాళ్లు కప్పుకోకుండా హాయిగా నిద్రపోగలిగిన చల్లదనం బిడ్డకూ సరిపోతుంది. మన వేసవిలో అది సుమారు 25 నుంచి 27 డిగ్రీలు. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న మనవాళ్లకు అక్కడి నర్సులు 16 నుంచి 20 డిగ్రీలు చాలంటారు. ఆ మాట పట్టుకుని హైదరాబాద్‌లో ఏసీని 18కి దించిన తల్లిదండ్రులున్నారు. అక్కడ ఆ చలికి తగ్గ నిండు చేతుల బట్టలు, వాటిపైన దూది నింపిన నిద్ర సంచి వేస్తారు. ఆ బట్టలు లేకుండా ఆ అంకె ఒక్కటే తెచ్చుకుంటే బిడ్డ చలికి తట్టుకోలేదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రిమోట్ మీద కనిపించే అంకె మనం అడిగిన చల్లదనమే. బిడ్డ పక్క మీద ఉన్నది అంతే కానక్కర్లేదు. ఏసీలోని సెన్సర్ సాధారణంగా గోడ మీది పెట్టెలో, గాలిని లోపలికి పీల్చుకునే చోట ఉంటుంది. పైన ఉండే వేడిగాలిని చూసి అది లెక్క కడుతుంది. చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. నేల మీద పరుపు వేసినా, పొట్టి తొట్టిలో పడుకోబెట్టినా చలి అక్కడే ఎక్కువ. దీనికి చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని, బిడ్డకు అందకుండా పక్క ఎత్తులోనే పెట్టాలి.

ఒక గది అనుకుందాం. 10 అడుగులకు 12, ఏసీ ఒక గోడకు, ఎదురుగోడ దగ్గర బిడ్డ మంచం, రిమోట్ మీద 24. గాలి రెక్కలు కిందికి వంచి ఉన్నాయి. గంట తర్వాత మంచం దగ్గర థర్మామీటర్ 22 చూపించింది. పైగా గాలి నేరుగా తగులుతుంటే ఒంటికి అంతకన్నా చలిగా ఉంటుంది. ముందు చేయాల్సింది రెక్కలను పైకి తిప్పి, గాలి సీలింగ్ వెంట సాగి మెల్లగా దిగేలా చూడటం. పైకీ కిందికీ ఊగే స్వింగ్ కూడా ఆపాలి, అది ప్రతిసారీ బిడ్డ మీదుగా పోతుంది. ఆ తర్వాత మంచాన్ని ఏసీకి ఎదురు నుంచి పక్కగోడకు జరపాలి. గాలి ఇంకా తగులుతోందో లేదో తెలుసుకోవడానికి టిష్యూ కాగితాన్ని పల్చని పట్టీలా చింపి, బిడ్డ తల ఉండే చోట చేత్తో పట్టుకుని చూడండి. అది రెపరెపలాడుతుంటే మంచం ఇంకా గాలి దారిలోనే ఉంది. వేలాడుతూ నిలిచిపోతే సరిపోయింది. ఇప్పుడు రిమోట్ 26లో పెట్టి, ఫ్యాన్ ఒకటో నంబరులో తిప్పితే పైగాలీ కిందగాలీ కలుస్తాయి, థర్మామీటర్ కూడా 26 దగ్గరికి వస్తుంది. అంకెను మార్చడం కన్నా మంచం జరపడం వల్లే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

సాయంత్రం ఒకసారి చూసి ఊరుకుంటే కుదరదు. తెల్లవారుజామున నాలుగింటికి బయట వేడి తగ్గాక అదే గది ఇంకా చల్లబడుతుంది. చాలా రిమోట్లలో ఉండే స్లీప్ బటన్ రాత్రి గడిచేకొద్దీ ఒకటి రెండు డిగ్రీలు పెంచుతుంది, పసిబిడ్డ గదిలో దాన్ని వాడుకోవడం మంచిది.

బట్టల సంగతికొస్తే, 26లో లంగోటీ లేదా డైపర్, దానిపైన పొట్టిచేతుల నూలు జబ్లా, కాళ్లకు పల్చని పైజామా చాలు. 24 దగ్గరికి దిగితే నిండు చేతుల జబ్లా వేసి, పైన చంకల దాకా పల్చని మల్ గుడ్డ చుట్టొచ్చు. తుంటి దగ్గర కాళ్లు ముడుచుకునేలా వదులుగా చుట్టాలి. బిడ్డ పక్కకు దొర్లడానికి ప్రయత్నించడం మొదలుపెట్టగానే ఈ చుట్టడం మానేయాలి. చీర ఉయ్యాలలో పడుకోబెట్టే ఇళ్లలో ఒక విషయం మరచిపోతారు. రెండు పక్కలా ఒంటికి అంటుకునే ఆ చీరే ఒక పొర, లోపలికి గాలి కూడా ఆడదు. నిద్రకు మాత్రం గట్టి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. తలకు నీళ్లు పోశాక జుట్టు ఆరేదాకా టోపీ పెట్టండి, ఆ సమయంలో ఏసీ కట్టేయండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయాలి. పెద్దగా ఉండే ఆ తల నుంచే ఒంట్లోని అదనపు వేడి బయటికి పోతుంది.

సరిపోయిందో లేదో బిడ్డ ఒళ్లే చెబుతుంది. చాలామంది అరిచేతులు, పాదాలు ముట్టుకుని "అయ్యో, చల్లగా ఉన్నాడు" అని ఇంకో గుడ్డ చుడతారు. పసిపిల్లలకు చేతులు, కాళ్లు చల్లగా ఉండటం మామూలే. చెయ్యి వేయాల్సింది రొమ్ము మీద, మెడ వెనక. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే అంతా బాగున్నట్టే. మెడ దగ్గర చెమట, తడిసిన జుట్టు, ఎర్రబడ్డ బుగ్గలు కనిపిస్తే ఒక పొర తీయండి. రొమ్ము కూడా చల్లగా ఉంటే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టుకుని, ఏసీ పెంచి, చంకలో థర్మామీటర్ పెట్టి చూడండి. 36.5 నుంచి 37.5 వరకు మామూలు. వెచ్చబెట్టినా 36.5కు రాకపోయినా, మూడు నెలల్లోపు బిడ్డకు 38 దాటినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా అదే పూట డాక్టరుకు చూపించాలి. నెలలు నిండకుండానో, రెండున్నర కిలోల లోపు బరువుతోనో పుట్టిన బిడ్డకు ఈ అంకెలేవీ వర్తించవు. వాళ్లకు గది ఎంత వెచ్చగా ఉండాలో, టోపీ ఎప్పటిదాకా ఉంచాలో డాక్టరు చెప్పినట్టే నడవాలి.

అర్ధరాత్రి కరెంటు పోతే, తలుపులు మూసిన గది కొద్దిసేపట్లోనే వేడెక్కుతుంది. ముందు మల్ గుడ్డ విప్పేసి, తర్వాత కిటికీ తెరవండి.