బాండు అసలు రాబడి ఎంత?

వెయ్యి రూపాయల ముఖవిలువ, ఏటా 8 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు ఉన్న బాండు మార్కెట్లో 950కి దొరుకుతోంది. గడువుదాకా ఉంచుకుంటే మీకొచ్చే రాబడి 8 శాతం కాదు. ఏటా 80 రూపాయలతో పాటు, చివర్లో 50 అదనంగా వస్తుంది కదా.

ఆ రేటును నేరుగా లెక్కగట్టే సులువైన సూత్రం లేదు. ఊహించి సరిచూడాలి. ధర ముఖవిలువకంటే తక్కువ కాబట్టి రేటు 8కి పైనే ఉంటుంది. 9 శాతంతో రాబోయే సొమ్మంతటినీ నేటి విలువకు తగ్గిస్తే 961.10 వస్తుంది. మన ధరకంటే ఎక్కువ, అంటే రేటు చాలలేదు. 10 శాతంతో 924.18. ఇప్పుడు ధర రెండింటి మధ్య చిక్కింది.

రేటు ఒక శాతం పెరిగితే విలువ 36.92 తగ్గింది. మనం తగ్గించాల్సింది 11.10. దాన్ని 36.92తో భాగిస్తే 0.30. రాబడి సుమారు 9.30 శాతం.

నిజానికి ధర, రేటుల సంబంధం సరళరేఖ కాదు, వంపు. అందుకే ఈ పద్ధతి జవాబును కాస్త ఎక్కువగా చూపిస్తుంది. 8, 12 శాతాల మధ్య లెక్కిస్తే 9.39 వస్తుంది. వచ్చిన రేటుతో ధరను మళ్లీ కట్టి చూస్తే తేడా బయటపడుతుంది: 9.30తో 949.83, 9.39తో దాదాపు 946.50.