స్టిక్కర్ ఊడిన రౌటర్ ఊరూ పేరూ

టీపీ-లింక్ కంపెనీ TL-WR841N రౌటర్‌ను మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. తెల్లని పలుచటి పెట్టె, వెనక రెండు యాంటెనాలు, నాలుగు ల్యాన్ పోర్టులు, ఇంటర్నెట్ తీగ కోసం విడిగా ఒక పోర్టు. ఏళ్ల తరబడి ఇది ఇదే పేరుతో అమ్ముడైంది. కేబుల్ నెట్ వాళ్లు పెట్టి వెళ్లినవి, అద్దె ఇల్లు ఖాళీ చేసినవాళ్లు గూట్లో వదిలేసినవి, పాత సామాన్ల దుకాణంలో దొరికేవి ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. ఇబ్బందల్లా పెట్టె అడుగున ఉండే స్టిక్కర్‌తోనే. రాత్రీ పగలూ వేడెక్కే ప్లాస్టిక్ మీద జిగురు ఎండిపోతుంది, తడిగుడ్డతో తుడిచి తుడిచి అక్షరాలు చెరిగిపోతాయి. మోడల్ పేరు, హార్డ్‌వేర్ వెర్షన్, లాగిన్ వివరాలు, వైఫై పాస్‌వర్డ్ అన్నీ ఆ చిన్న కాగితం మీదే ఉంటాయి.

స్టిక్కర్ పోయినంత మాత్రాన పెట్టె పనికిరానిది కాదు. తానెవరో చాలావరకు అదే చెబుతుంది, అడగాల్సిన చోట అడగాలి అంతే. అయితే అడగబోయే ముందు ఒక తేడా తెలిసి ఉండాలి. స్టిక్కర్ మీద రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి ఆ మోడల్ పెట్టెలన్నిటికీ ఉమ్మడిది. రెండోది మీ చేతిలో ఉన్న ఒక్క పెట్టెకే చెందినది. ఉమ్మడిది కంపెనీ మాన్యువల్‌లో దొరుకుతుంది. రెండోది ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. ఈ తేడా పట్టించుకోకుండా గంటల కొద్దీ నెట్‌లో వెతికి విసిగిపోయేవాళ్లు ఎందరో.

ముందుగా రౌటర్‌కు కంప్యూటర్‌ను ల్యాన్ తీగతో కలపండి. వైఫై పాస్‌వర్డ్ తెలియకపోయినా తీగకు అడ్డు ఉండదు. తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టాలి.

```
ipconfig
arp -a
```

మొదటి దాని జవాబులో Default Gateway అన్న వరుస ఉంటుంది. దాని ఎదురుగా కనిపించే అంకెలే రౌటర్ చిరునామా. ఇళ్లలో ఎక్కువగా 192.168 తోనే మొదలవుతుంది, ఎందుకంటే ఇంటి లోపలి నెట్‌వర్కుల కోసం 1994లోనే విడిగా కేటాయించిన చిరునామాల్లో అదొక వరుస. WR841N విషయంలో ఈ అంకె వయసును కూడా పట్టిస్తుంది. ఎవరూ మార్చకపోతే పాత వెర్షన్లలో అది 192.168.1.1, తర్వాత వచ్చినవాటిలో 192.168.0.1.

రెండో కమాండ్ జవాబులో అదే చిరునామా పక్కన ఆరు జతల అక్షరాలు కనిపిస్తాయి. అది మ్యాక్ అడ్రస్. అందులో మొదటి మూడు జతలను ఐట్రిపుల్‌ఈ సంస్థ తయారీదారులకు కేటాయిస్తుంది, ఆ జాబితాను ఎవరైనా చూడవచ్చు. ఉదాహరణకు 14-cc-20 అని ఉంటే ఆ పెట్టె టీపీ-లింక్‌ది. ఒక్క జాగ్రత్త అవసరం. కొన్ని బ్రాండ్లు వేరే కంపెనీ చేత పెట్టెలు చేయించి తమ పేరు వేసుకుంటాయి. అలాంటప్పుడు జాబితాలో ఆ అసలు తయారీదారు పేరు కనిపించవచ్చు. కాబట్టి ఇది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు.

మోడల్ పేరు తెలిసేది తర్వాతి మెట్టులో. లాగిన్ కాకముందే రౌటర్ తన పేరు చెప్పేయడం నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. వెబ్ తొలి రోజుల్లో పేజీకి తాళం వేయడానికి బేసిక్ అథెంటికేషన్ అనే పద్ధతి పెట్టారు. లోపలికి రానివ్వని సర్వర్, ఏ గది ముందు నిలబడ్డామో తెలిసేలా ఒక పేరు పంపాలి. ఆ పేరును realm అంటారు. పాత WR841Nలు ఈ పద్ధతినే వాడాయి, ఆ చోట తమ మోడల్ పేరే పెట్టుకున్నాయి. ఇప్పటి బ్రౌజర్లు చాలావరకు దాన్ని తెర మీద చూపించవు. అందుకే, Default Gateway ఎదురుగా మీకు కనిపించిన చిరునామా పెట్టి నేరుగా అడగాలి.

```
curl -i http://192.168.0.1/
```

పాత ఫర్మ్‌వేర్ ఉన్న పెట్టె నుంచి వచ్చే జవాబు ఇలా ఉంటుంది.

```
HTTP/1.1 401 N/A
Server: Router Webserver
WWW-Authenticate: Basic realm="TP-LINK Wireless N Router WR841N"
```

మొదటి వరుసలోని 401 అంటే లోపలికి అనుమతి లేదని. లోపలికి రానివ్వలేదు గానీ మనకు కావలసిన పేరు చివరి వరుసలో చెప్పేసింది. తర్వాతి ఫర్మ్‌వేర్లలో ఈ పద్ధతి పోయి మామూలు లాగిన్ పేజీ వచ్చింది. అక్కడైతే బ్రౌజర్‌లో పేజీ తెరిచి, పైనున్న పేరునో ట్యాబ్ మీది అక్షరాలనో చూడాలి. అక్కడా తెలియకపోతే విండోస్‌లో Network ఫోల్డర్ తెరవండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ పనిచేస్తూ ఉంటే దాని బొమ్మ కనిపిస్తుంది, Properties లో మోడల్ వివరం ఉంటుంది.

చిరునామాను బ్రౌజర్‌లో అంకెలతోనే కొట్టండి, పేరుతో వద్దు. కొన్ని మాన్యువళ్లలో tplinklogin.net అనే పేరు ఉంటుంది. మనం ఆ రౌటర్‌కు కలిసి ఉన్నప్పుడు ఆ పేరు అడిగితే, రౌటరే మధ్యలో అందుకుని తన చిరునామా ఇస్తుంది. కంప్యూటర్‌లో బయటి డీఎన్‌ఎస్ పెట్టుకున్నా, ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్‌లో ఉన్నా ఆ ప్రశ్న రౌటర్‌ను దాటి ఇంటర్నెట్‌కు వెళ్లిపోవచ్చు. ఆ డొమైన్ కంపెనీ చేయి జారిపోయిందని 2016లో బయటపడింది. కంపెనీ tplinkwifi.net అనే పేరుకు మారింది. పాత మాన్యువల్ చూసి పాత పేరు కొట్టినవారు ఎవరిదో తెలియని పేజీలో తమ పాస్‌వర్డ్ టైపు చేసే ప్రమాదం ఉంది.

మోడల్ తెలిసింది. ఇక మాన్యువల్. టీపీ-లింక్ సొంత సైట్‌లో సపోర్ట్ విభాగానికి వెళ్లి మోడల్ పేరు కొడితే హార్డ్‌వేర్ వెర్షన్ ఎంచుకోమంటుంది. WR841Nకు పదికి పైగా వెర్షన్లు వచ్చాయి. పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. 12వ వెర్షన్ వరకు అథెరాస్ చిప్, 13 నుంచి మీడియాటెక్. సరైన వెర్షన్ లాగిన్ అయ్యాక స్టేటస్ పేజీలో తెలుస్తుంది, కానీ లాగిన్ కావడానికే కదా మనం వెతుకుతున్నది! బయటి గుర్తులే అప్పుడు ఆధారం. యాంటెనాలు మరలాగ తిప్పి విప్పగలిగితే అది WR841N కాదు, దాని తోడబుట్టిన WR841ND. బటన్ మీద QSS అని ఉంటే పాతది, WPS అని ఉంటే తర్వాతిది. లాగిన్ కోసమైతే అంత కచ్చితత్వం అక్కర్లేదు. పాత వెర్షన్ల మాన్యువళ్లలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ admin అనే ఉంటాయి. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మాత్రం వెర్షన్ తప్పితే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. కాబట్టి ఊహ మీద ఆ పని చేయకండి.

admin, admin కొట్టినా తలుపు తెరుచుకోలేదనుకోండి. మాన్యువల్ తప్పు కాదు, ఎవరో పాస్‌వర్డ్ మార్చారని అర్థం. మాన్యువల్ చెప్పేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితి గురించే. ఇక మిగిలింది రీసెట్. పవర్ ఆన్‌లో ఉండగా వెనకున్న WPS/RESET బటన్‌ను పది సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే లైట్లు మారి పెట్టె మళ్లీ మొదలవుతుంది. ఊరికే ఒకసారి నొక్కి వదిలేస్తే రీసెట్ కాదు, డబ్ల్యూపీఎస్ మొదలవుతుంది.

రీసెట్‌కు ముందు ఒక ఫోన్ చేయాలి. మన కేబుల్ నెట్ కనెక్షన్లలో చాలావాటికి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆపరేటర్ మనిషి వచ్చిన రోజు వాటిని రౌటర్‌లో ఎక్కించి వెళ్తాడు, ఇంట్లో ఎవరూ రాసుకోరు. రీసెట్ చేస్తే అవీ తుడిచిపెట్టుకుపోతాయి, లాగిన్ దొరుకుతుంది గానీ నెట్ ఉండదు. ఆ వివరాలు ఆపరేటర్‌ను అడిగి రాసుకున్నాకే బటన్ నొక్కండి. కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె అయితే అసలు నొక్కకపోవడమే మంచిది. సర్వీసు కంపెనీలు అందులో సొంత ఫర్మ్‌వేర్, సొంత పాస్‌వర్డ్‌లు పెడతాయి. తయారీదారు మాన్యువల్ అక్కడ చెల్లదు.

స్టిక్కర్ మీది రెండో రకం సమాచారం సంగతి రీసెట్ తర్వాతే తెలిసివస్తుంది. కొత్త వెర్షన్లలో వైఫై పాస్‌వర్డ్ కూడా ఫ్యాక్టరీ స్థితికి పోతుంది. అది ఒక్కో పెట్టెకు ఒక్కోటిగా స్టిక్కర్ మీద అచ్చేసిన ఎనిమిది అంకెల పిన్. స్టిక్కర్ లేదు కాబట్టి పిన్ తెలియదు. అందుకే తీగ తీయకుండా, దాని ద్వారానే లోపలికి వెళ్లి వైర్‌లెస్ సెక్యూరిటీ పేజీలో కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి.

అందరికీ తెలిసిన ఆ ఉమ్మడి admin రోజులు ముగింపుకు వస్తున్నాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అరవై పైచిలుకు డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా కొట్టి చూస్తూ కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లొంగదీసుకుంది. 2017 జులైలో మన దేశంలో మోడెమ్‌ల మీద దాడి జరిగినప్పుడు డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చుకోమని బీఎస్ఎన్ఎల్ వినియోగదారులను కోరింది. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక్కో పరికరానికి వేరే పాస్‌వర్డ్ అయినా ఉండాలి, మొదటిసారి వాడేటప్పుడు కొత్తది పెట్టమని అయినా అడగాలి. బ్రిటన్‌లో ఇలాంటి నియమం 2024 ఏప్రిల్ 29న వచ్చింది. టీపీ-లింక్ కొత్త రౌటర్లు రెండో దారి పట్టాయి. రీసెట్ చేశాక లాగిన్ పాస్‌వర్డ్ మీరే సృష్టించుకోమంటాయి. పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద మాత్రమే అచ్చేసే కంపెనీల పెట్టెలకైతే, స్టిక్కర్ పోతే మోడల్ కనిపెట్టినా, మాన్యువల్ దొరికినా ప్రయోజనం లేదు. బిల్లు పట్టుకుని కంపెనీని అడగాల్సిందే.

కాబట్టి స్టిక్కర్ ఇంకా ఉండగానే రౌటర్‌ను ఒకసారి తిరగేసి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. మోడల్, వెర్షన్, పీపీపీఓఈ వివరాలు ఇంటి కరెంటు బిల్లుల ఫైల్లో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆ ఫొటోను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. లాగిన్ admin గానే ఉంటే ఈ పూటే మార్చేయండి.