ధరల పోరు: పాత వ్యాపారి అపోహలు – వాస్తవాలు

కొత్త పోటీదారు ధర తగ్గించినంత మాత్రాన ధరల పోరు మొదలైనట్టు కాదు. పాత వ్యాపారి కూడా తగ్గించిన రోజునే అది పోరవుతుంది. అందుకే మార్జిన్ మిగిలేదీ పోయేదీ ఎక్కువగా పాతవాడు మొదటి కొన్ని వారాల్లో తీసుకునే నిర్ణయాన్ని బట్టే ఉంటుంది. ఆ వారాల్లో వ్యాపారుల నోట వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. అవి నిజమేనని తోస్తాయి, కానీ లెక్క వేస్తే నిలబడవు.

అపోహ: అవతలివాడు ఎంత తగ్గిస్తే మనమూ అంత తగ్గించాలి, లేకపోతే ఖాతాదారులంతా పోతారు

ఒక చిన్న వ్యాపారం లెక్క చూస్తే దీని సంగతి తెలుస్తుంది. ఒక పట్టణంలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఇంటికి చేర్చే ప్లాంటు ఒకటి ఉందనుకుందాం. రోజుకు 400 క్యాన్లు, క్యాను 30 రూపాయలు. ప్రతి క్యానుకూ విడిగా అయ్యే ఖర్చు 18 రూపాయలు. అందులో 7 రూపాయలు నీళ్లకు, కరెంటుకు, మూతకు, క్యాను అరుగుదలకు పోతాయి. మిగతా 11 ఆటో డీజిలుకు, క్యాను మోసే కుర్రాడి కూలికి పోతాయి. అంటే క్యానుకు 12 రూపాయలు, రోజుకు 4,800 రూపాయలు మిగులుతాయి. అమ్మినా అమ్మకపోయినా తప్పని అద్దె, జీతాలు, బ్యాంకు వాయిదా కలిపి రోజుకు 2,800. యజమాని చేతికి వచ్చేది 2,000.

పక్క వీధిలో కొత్త ప్లాంటు పెట్టి, ఇంటికి తెచ్చి 22 రూపాయలకే ఇస్తున్నారు. పాత యజమాని కూడా 22కు దిగితే క్యానుకు మిగిలేది 4 రూపాయలు. ఒక్క ఖాతా కూడా పోకపోయినా రోజుకు వచ్చేది 1,600. అద్దె, జీతాలు, వాయిదా కట్టడానికి ఇంకా 1,200 చేతి నుంచి వేయాలి. పాత ఆదాయం తిరిగి రావాలంటే రోజుకు 1,200 క్యాన్లు అమ్మాలి, అంటే మూడింతలు. ఇద్దరి ధరా ఒకటే అయినప్పుడు మూడింతల జనం ఇటే రావడానికి కారణం ఉండదు.

ధర 30 దగ్గరే ఉంచితే 100 క్యాన్లు పోయాయనుకుందాం. మిగిలిన 300 మీద 3,600 వస్తాయి. తప్పని ఖర్చులు పోగా ఇంకా 800 మిగులుతాయి. పోయే క్యాన్ల సంఖ్య 266 దాటితే తప్ప, ధర తగ్గించి అందరినీ నిలుపుకోవడం కన్నా ఇది నష్టం కాదు. ఈ సంఖ్య ఎవరి వ్యాపారానికి వారు వేసుకోవాలి. ధరలో తగ్గించే మొత్తాన్ని ఇప్పుడు ఒక వస్తువు మీద మిగిలే మొత్తంతో భాగిస్తే, ఎంత వంతు అమ్మకాలు పోయినా తట్టుకోవచ్చో తెలుస్తుంది. ఇక్కడ 8ని 12తో భాగిస్తే మూడింట రెండు వంతులు.

ఈ లెక్కకూ ఒక హద్దు ఉంది. పోయేవారు నిజంగా అంతకు మించితే ధర నిలుపుకోవడమే తప్పవుతుంది. కాబట్టి ఎవరు పోతారో ముందే పసిగట్టాలి. రెండు రోజులకో క్యాను తీసుకునే ఇంటికి 8 రూపాయల తేడా నెలకు 120 రూపాయలు. మూడో అంతస్తు దాకా క్యాను మోసి, ఖాళీది గుర్తుగా తీసుకెళ్లే కుర్రాడు ఉంటే ఆ ఇల్లు తొందరపడి మారదు. రోజుకు 30 క్యాన్లు తీసుకునే హాస్టల్‌కు అదే తేడా నెలకు 7,200 అవుతుంది. ఆ హాస్టల్ ఆ వారమే ఫోను చేస్తుంది.

అపోహ: ధర తగ్గించడమంటే మార్జిన్ వదులుకోవడమే

ఖర్చు తగ్గిన చోట మాత్రమే ధర తగ్గిస్తే మార్జిన్ పోదు. ఆ హాస్టల్‌కు 30 క్యాన్లు ఒకే ట్రిప్పులో, ఒకే గుమ్మం దగ్గర దించితే చేరవేత ఖర్చు క్యానుకు 11 నుంచి 4 రూపాయలకు దిగిందనుకుందాం. అప్పుడు 24 రూపాయలకు ఇచ్చినా 13 మిగులుతాయి. 30 రూపాయలకు ఒక్కో ఇంటికీ తిరిగి ఇచ్చినప్పటికన్నా ఒక రూపాయి ఎక్కువే. పోటీదారు ధర ఇంకా రెండు రూపాయలు తక్కువే అయినా, ఆ కాస్త తేడాకు హాస్టల్ వార్డెన్ నమ్మకమైన సరఫరాను వదులుకోవడం అరుదు.

అలాగే ఖాళీ క్యాను తెచ్చుకుని ప్లాంటు దగ్గరే నింపుకునే వారికి 18 రూపాయల ధర పెట్టవచ్చు. చేరవేత ఖర్చు లేదు కాబట్టి 11 రూపాయలు మిగులుతాయి. ధరే ముఖ్యమనుకునే ఇంటికి పోటీదారు 22 కన్నా ఇది చౌక. ఇంటికి కావాలనే వారు 30 ఇస్తూనే ఉంటారు. వారిలో కొందరు 18కి మారినా పోయేది క్యానుకు ఒక్క రూపాయే.

ఇది నిలబడాలంటే ఒక షరతు తప్పదు. తక్కువ ధర రాతపూర్వకమైన నియమానికి కట్టుబడి ఉండాలి: ఇన్ని క్యాన్లు ఒకే చోట తీసుకుంటే, లేదా స్వయంగా వచ్చి నింపుకుంటే. గట్టిగా బేరమాడినవారికల్లా తగ్గించడం మొదలైతే ఆ సంగతి వారంలో వీధంతా పాకుతుంది. అప్పుడు 30 అన్నది బోర్డు మీద మాత్రమే మిగులుతుంది. అది జరుగుతోందో లేదో పట్టుకోవడం కష్టం కాదు. నెల మొత్తం వసూళ్లను అమ్మిన క్యాన్లతో భాగించి చూడాలి. ఇంటి సరఫరా, టోకు, స్వయంగా నింపుకోవడం అనే మూడు రకాల వాటా మారకుండానే ఆ సగటు పడిపోతుంటే చాటున రాయితీలు నడుస్తున్నట్టే.

అపోహ: చౌక సరుకు నాసిరకం, జనం నాలుగు రోజుల్లో తిరిగి వస్తారు

ఈ మాటకు మన దేశంలో పెద్ద మూల్యం చెల్లించినది హిందుస్థాన్ లీవర్. గుజరాత్ ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసిన కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాద్‌లో ఇంటి దగ్గరే డిటర్జెంట్ పొడి కలిపి, సైకిలు మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. కూతురి పేరు మీద దానికి నిర్మా అని పేరు పెట్టారు. లీవర్ అమ్మే సర్ఫ్ ధరలో అది సుమారు నాలుగో వంతు. సర్ఫ్ అంత మెత్తగా ఉతికే సరుకు కాదన్నది నిజమే. అయినా 1980ల మధ్యకల్లా అమ్మకాల్లో సర్ఫ్‌ను దాటింది.

లీవర్‌కు ప్రమాదం ఆలస్యంగా ఎందుకు కనిపించిందో గమనించాలి. నిర్మా కొన్నవారిలో చాలామంది సర్ఫ్ వదిలి వచ్చినవారు కారు. గుడ్డల సబ్బు బిళ్లతో ఉతుక్కునేవారు, పొడి కొనే స్తోమత లేదనుకున్నవారు. సొంత అమ్మకాల లెక్క మాత్రమే చూసుకునే కంపెనీకి ఇలాంటి పోటీ కనబడదు. కిరాణా కొట్లలో మొత్తం సరుకు ఎంత కదులుతోంది, కొత్తగా కొనేవారు ఎటు వెళుతున్నారు అన్నది చూడాలి. చౌక పోటీదారు దగ్గరికి చేరేవారు మునుపు ఆ వస్తువే కొననివారైతే, వారు తిరిగి రావడమన్న ప్రశ్నే లేదు.

అపోహ: మనమే చౌక సరుకు పెడితే మన ఖరీదైన సరుకును అదే తినేస్తుంది

కొంతవరకు తింటుంది. ఆ కొంత ఎంత అన్నదే ప్రశ్న. లీవర్ సర్ఫ్ ధరను నిర్మా దాకా దించలేదు. 1980ల చివర్లో వీల్ అనే వేరే పేరుతో చౌక పొడిని తెచ్చింది. దాని కలయిక వేరు, తయారీ బయటి చిన్న యూనిట్లలో, పంపిణీకి పెట్టే ఖర్చు తక్కువ. అంటే తక్కువ ధరతో పాటు తక్కువ ఖర్చును కూడా విడిగా కట్టుకుంది. వీల్ నిర్మాకు గట్టి పోటీ అయింది. సర్ఫ్ పై మెట్టుకు, తర్వాత సర్ఫ్ ఎక్సెల్‌గా ఎదిగింది.

దీన్ని అనుకరించిన ప్రతివారికీ ఫలితం దక్కలేదు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ చౌక విమాన సేవకు పేరొందిన ఎయిర్ డెక్కన్‌ను కొని, 2008లో దానికి కింగ్‌ఫిషర్ రెడ్ అని పేరు మార్చింది. పెద్ద సేవ పేరే చిన్న సేవకూ పెట్టడంతో రెండింటి మధ్య గీత చెరిగిపోయింది. 2011లో చౌక సేవ నుంచి తప్పుకుంటున్నట్టు ఆ సంస్థ ప్రకటించింది. మొత్తం సంస్థ కూలడానికి అప్పులూ ఇంధన ధరా వంటి వేరే కారణాలు ఉన్నా, చౌక విభాగం దాన్ని నిలబెట్టలేకపోయింది. వేరే పేరు, వేరే ఖర్చు, వేరే ఖాతాదారు: ఈ మూడూ కుదరనప్పుడు రెండో సరుకు పెట్టకపోవడమే మంచిది.

అదే లీవర్ 2004లో మరో దారి పట్టింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఏరియల్, టైడ్ ధరలను బాగా కోసినప్పుడు లీవర్ కూడా సర్ఫ్ ఎక్సెల్ ధరను కోసింది. అక్కడ పోటీదారు చిన్నవాడు కాదు, వస్తువు కూడా సాటిదే. కాబట్టి ఊరుకోవడం తేలికైన పని కాదు. కానీ ఆ ఏడాది కంపెనీ లాభం అంతకు ముందు ఏడాది కన్నా బాగా పడిపోయింది. ధరల పోరు దానికి ఒక ముఖ్య కారణం.

అపోహ: నష్టానికి అమ్ముతున్నాడు, చట్టం వాణ్ని ఆపుతుంది

ముందు అది నిజంగా నష్టమేనా అన్నది తేల్చుకోవాలి. కొత్తవాడి ఖర్చు పాతవాడి ఖర్చుతో సమానమన్న ఊహ మీద ఈ మాట నిలబడుతుంది. సొంత స్థలంలో ప్లాంటు పెట్టి, ఇంటివాళ్లే ఆటో నడిపే వ్యక్తికి 22 రూపాయల క్యాను లాభసాటే కావచ్చు. అప్పుడు అతను ఎప్పటికీ పోడు.

నష్టమే అయినా, 2002 నాటి కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్ పట్టుకునేది మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థను. పోటీని తగ్గించడానికో పోటీదారులను తొలగించడానికో ఖర్చు కన్నా తక్కువకు అమ్మడం అలాంటి సంస్థ చేస్తేనే చట్ట ఉల్లంఘన. కొత్తగా దిగినవాడికి సాధారణంగా ఆ ఆధిపత్యం ఉండదు. 2016లో ఉచిత సేవలతో దిగిన జియో మీద ఎయిర్‌టెల్ చేసిన ఫిర్యాదును కాంపిటీషన్ కమిషన్ 2017లో కొట్టివేసింది. జియోకు ఆధిపత్యం లేదన్నది దాని తీర్పు.

ఈ చట్టం పాతవాడి మీదికే తిరగవచ్చు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కరెన్సీ డెరివేటివ్స్ లావాదేవీలకు రుసుము తీసుకోకపోవడం తమను బయటికి నెట్టడానికేనని కొత్తగా వచ్చిన ఎంసీఎక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2009లో ఫిర్యాదు చేసింది. 2011 జూన్‌లో కమిషన్ నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు 55.5 కోట్ల రూపాయల జరిమానా విధించింది.