తల తెగలేదు, ‘డిటాచ్డ్ హెడ్’ అంతే!

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సభ అనుకోండి. వక్త గిట్ గురించి చెబుతున్నాడు. నలుగురు కలిసి రాసే ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. పక్కన నిలబడి సైగల భాషలో చెబుతున్న ఇంటర్‌ప్రెటర్ చెవిన ‘డిటాచ్డ్ హెడ్’ అన్న మాట పడింది. ముందుగా ఎవరూ చెప్పి ఉండకపోతే ఆమె చేతుల్లో తల తెగిపడుతుంది. ముందు వరుసలోని బధిర టెస్టరు బిత్తరపోతాడు. అతను తేరుకునేలోపు వక్త ఇంకో రెండు వాక్యాలు దాటేస్తాడు.

నిజానికి గిట్‌లో `HEAD` అంటే మనం ఇప్పుడు ఎక్కడ ఉన్నామో చూపించే గుర్తు. అది ఏ బ్రాంచినీ పట్టుకోకుండా నేరుగా ఒక కమిట్ మీద, అంటే భద్రపరిచిన ఒక మార్పు మీద నిలబడితే దాన్ని అలా అంటారు.

ఇలాంటివి జరగకూడదనే స్లైడ్లతో పాటు పదాల పట్టిక కూడా ముందే పంపుతారు. కాకపోతే చాలా పట్టికల్లో ఇంగ్లిష్ పదాలు అక్షరక్రమంలో ఉంటాయి, పక్కన ఎక్కడినుంచో తెచ్చి అతికించిన నిర్వచనం ఉంటుంది. ఇంటర్‌ప్రెటర్‌కు కావలసింది అది కాదు. ఎవరు, ఎవరికి, ఏం చేస్తున్నారు? ఏది ఎటు కదులుతోంది? ఆమెకు కావలసింది ఇదీ.

ఎందుకంటే సైగల భాషలో చాలా క్రియలకు దిక్కు ఉంటుంది. ‘నీకిచ్చాను’ అంటే చెయ్యి నా నుంచి నీ వైపు కదులుతుంది, ‘నాకిచ్చావు’ అంటే తిరిగి నా వైపు వస్తుంది. ఇంటర్‌ప్రెటర్ తన ముందున్న గాలిలోనే చోట్లు కేటాయించుకుంటుంది: కుడివైపు నా ల్యాప్‌టాప్, ఎడమవైపు సర్వర్. అప్పుడు ‘పుష్’ కుడి నుంచి ఎడమకు పోతుంది, ‘పుల్’ ఎడమ నుంచి కుడికి వస్తుంది. ఇంతవరకూ హాయిగానే ఉంది. చిక్కల్లా ‘పుల్ రిక్వెస్ట్’తో. పేరులో లాగడం ఉన్నా, ఇక్కడ లాగేది అడిగినవాడు కాదు. ‘నా మార్పులు సిద్ధం, చూసి మీ దాంట్లో కలుపుకోండి’ అని రాసినవాడు ప్రాజెక్టు చూసుకునేవాళ్లను అడుగుతాడు. నిర్వచనం ఎంత శుద్ధంగా ఉన్నా, ఈ దిక్కు తెలియకపోతే సైగ తిరగబడుతుంది.

కాబట్టి పట్టికలో ఆ వరుస ఇలా ఉండాలి: 14వ స్లైడ్. తెరమీద ‘పుల్ రిక్వెస్ట్’, వక్త నోట ‘పీఆర్’. అడిగేది రాసినవాడు, కలిపేది ప్రాజెక్టువాళ్లు. ప్రజాసంబంధాలు కాదు.

‘వక్త నోట’ అన్న గడి చిన్నదే కానీ వదలకూడదు. తెరమీద ‘రిపాజిటరీ’ అని ఉంటుంది, మనవాళ్లు ‘రెపో’ అంటారు. ఆమెకు వినబడేది రెండోదే. వక్తకు ఫోన్ చేసి, స్లైడ్లు ఒకసారి గబగబా చదివించుకుంటే ఇవి బయటపడతాయి.

నలభై స్లైడ్లలో తొలి వడపోతకు ఎనభై పదాలు తేలాయనుకుందాం. పాతిక దగ్గర ఆగడం మేలు. భయపెట్టే పేర్లు అంత ప్రమాదమేమీ కాదు. ఒక్కసారే వచ్చే పేరును వేళ్లతో అక్షరాలు చూపించి గట్టెక్కవచ్చు. మోసం చేసేవి తేలిగ్గా కనిపించే మాటలే. `git blame` నింద కాదు, ఏ లైనును చివరిగా ఎవరు మార్చారో చూపే ఆదేశం. ఇక ఇది చూడండి:

```
git push origin main
```

ఇందులో `origin` పుట్టుకా కాదు, `main` ముఖ్యమూ కాదు. మొదటిది సర్వర్‌లో ఉన్న రెపోకు మారుపేరు, రెండోది బ్రాంచి పేరు. వాటిని తర్జుమా చెయ్యకుండా తెరవైపు చూపిస్తే చాలు. కానీ బధిర ప్రేక్షకుడు తెరనూ ఇంటర్‌ప్రెటర్‌నూ ఒకేసారి చూడలేడు. అక్కడ ఆగమని వక్తకూ ఒక ముక్క రాసిపెట్టాలి.

‘సైగ’ అన్న గడిని మాత్రం ఖాళీగా వదలండి. మనం కనిపెట్టిన సైగ ఎవరికీ అర్థం కాదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో విడుదల చేసిన నిఘంటువులో పది వేల పదాలున్నాయి, కానీ అందులో ‘బ్రాంచ్’ దొరికినా గిట్ అర్థంలో దొరకాలని లేదు. సభకు వచ్చే బధిర ప్రోగ్రామర్లు తమలో తాము ఏదో ఒక సైగ వాడుతూనే ఉండవచ్చు. సభకు ముందు అరగంట వీడియో కాల్‌లో వాళ్లను కూర్చోబెడితే ఖాళీ గడులు నిండుతాయి. ఇంటర్‌ప్రెటర్లు సాధారణంగా ఇద్దరు ఉంటారు, ఇరవై నిమిషాలకో ఎప్పుడో చేతులు మారుతుంటారు. ఆ కాల్‌లో ఇద్దరూ ఉండాలి. లేకపోతే సగంలో ‘కమిట్’ సైగ మారిపోతుంది.

పట్టికలో ఏం తప్పిపోయిందో సభలోనే తెలుస్తుంది. ఒకే పదాన్ని ఆమె మళ్లీ మళ్లీ అక్షరాలుగా చూపిస్తుంటే, ఆ వరుస మనం రాయలేదన్నమాట.

ఇంతా చేశాక ముందురోజు రాత్రి పదింటికి వక్త స్లైడ్లు మారుస్తాడు. మారుస్తాడు, మనకు తెలుసు. అప్పుడు మొత్తం ఫైలు మళ్లీ పంపి ఊరుకోకుండా, మారింది మాత్రం మెసేజ్‌లో పెట్టాలి: ‘31వ స్లైడ్ కొత్తది. చెర్రీ-పిక్: పళ్లతో పని లేదు, ఒక్క కమిట్‌ను ఏరి ఇంకో బ్రాంచిలో పెట్టడం.’