డేర్ ఎప్పుడు డేన్ అవుతుంది?

జర్మన్‌లో నామవాచకంతో పాటే దాని లింగాన్నీ నేర్చుకోవాలి. పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి డాస్. బల్ల (టిష్) పుంలింగం, వార్తాపత్రిక (త్సైటుంగ్) స్త్రీలింగం. ఖాళీలు పూరించండి.

1. ____ టిష్ ఇస్ట్ నొయ్. (బల్ల కొత్తది.)
2. ఇష్ కావుఫె ____ టిష్. (నేను బల్లను కొంటున్నాను.)
3. ____ మేడ్షెన్ లీస్ట్ ____ త్సైటుంగ్. (అమ్మాయి పత్రిక చదువుతోంది.)

జవాబులు: 1. డేర్. 2. డేన్. 3. డాస్, డీ.

తడబడేది రెండోదాని దగ్గరే. మనం బల్లకు ‘ను’ చేరుస్తాం. జర్మన్‌లో టిష్ మారదు, దాని ముందున్న డేర్ డేన్ అవుతుంది. ఏకవచనంలో ఈ మార్పు పుంలింగానికే. అందుకే మూడోదాంట్లో పత్రిక కర్మ అయినా డీ అలాగే ఉంది.

అమ్మాయికి డాస్ ఏమిటంటారా? ‘షెన్’ చేర్చి చేసిన ముద్దుపేర్లన్నీ నపుంసకమే. మనమూ పిల్లి వచ్చింది, అమ్మాయి వచ్చింది అని ఒకే క్రియ వాడతాం కదా!